గడప దాటినవాడికి బకెట్ ఎంత దూరం?

బోర్లా పడితే బొబ్బట్లు చేస్తాం, గడప దాటితే గారెలు వండుతాం, అడుగులేస్తే అరిసెలు పంచుతాం. కిందటి చలికాలం మా చెల్లెలి మనవడు గడప దాటాడని గారెలకు పిలిస్తే వెళ్లాను. పల్నాడు వైపు చిన్న టౌను, రెండంతస్తుల ఇల్లు. వాడికి తొమ్మిదో నెల నడుస్తోంది. గారెలు తిని కూర్చున్నామో లేదో, వాడు హాల్లోంచి బయల్దేరి పడగ్గది గడప దాటి, తెరిచి ఉన్న బాత్రూం తలుపు దగ్గరకు చేరాడు. గోడ మీద గడియారం చూస్తూనే ఉన్నాను. 14 సెకన్లు పట్టింది. లోపల గోడ పక్కన నిండు బకెట్ ఉంది.

నేను పిల్లల వార్డులో ముప్పయ్యేళ్లు నర్సుగా చేశాను. అందుకని నాకు బకెట్ కనబడితే అదోలా ఉంటుంది. ‘‘పెద్దమ్మా, వాడింకా నిలబడటం లేదుగా, బకెట్లో ఎలా పడతాడు?’’ అంది చెల్లెలి కూతురు. సరైన ప్రశ్నే. ఇంటింటా ఇదే అంటారు. ఆ రోజుకి వాడు నిలబడటం లేదన్నది నిజమే. కానీ పాకడం మొదలైన కొద్ది వారాలకే పిల్లలు దొరికినదాన్ని పట్టుకుని లేచి నిలబడతారు. ఫలానా రోజున లేస్తానని ముందుగా చెప్పరు. మంచం పట్టీ పట్టుకుని మొదటిసారి లేస్తే చప్పట్లు కొడతాం, ఫొటో తీస్తాం. బకెట్ అంచు పట్టుకుని మొదటిసారి లేస్తే చూసేవాళ్లే ఉండరు.

కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి కొలిచాను. బకెట్ ఎత్తు 13 అంగుళాలు. పిల్లాడి పొడుగు 28 అంగుళాలు, బరువు ఎనిమిదిన్నర కిలోలు. అంటే అంచు పట్టుకుని లేస్తే అది వాడి బొడ్డుకి కాస్త కిందుగా వస్తుంది. ఈ వయసులో ఒంటికి తలే పెద్ద బరువు. పెద్దవాళ్లలో బరువు నడుం దగ్గర నిలిస్తే, పసివాళ్లలో ఇంకా పైన, ఛాతీ వైపు ఉంటుంది. నీళ్లలో తన నీడ చూసి ముట్టుకుందామని వంగాడంటే బరువంతా అంచు దాటి లోపలికి పోతుంది, కాళ్లు గాల్లోకి లేస్తాయి. నిండు బకెట్ దాదాపు 18 కిలోలు తూగుతుంది కాబట్టి వాడితోపాటు దొర్లదు. ఖాళీదైతే ఆనుకోగానే పక్కకి పడి ఏడిపిస్తుంది, అంతే. బకెట్ బరువుగా కదలకుండా కూర్చోవడమే ఇక్కడ ప్రమాదం.

తలకిందులుగా ఇరుక్కున్న పిల్లాడు ఎందుకు పైకి రాలేడో కూడా చెప్పాలి. చేతులు ఆనించి ఒళ్లు పైకి నెట్టుకోవడానికి ఆ ఇరుకులో చోటుండదు, భుజాల్లో అంత బలమూ ఉండదు. అందుకే నీళ్లు నిండుగా ఉండక్కర్లేదు. ముక్కూ నోరూ మునిగేటంత, రెండు అంగుళాల లోతు ఉన్నా ప్రాణం తీయడానికి చాలు. మనకు సినిమాల్లో చూసిన మునక గుర్తుంటుంది: కేకలు, చేతులు కొట్టుకోవడం. పసిపిల్లల మునకలో ఇవేవీ వినబడవు. నోట్లో నీళ్లుంటే ఏడుపు రాదు. పక్క గదిలో మిక్సీ తిరుగుతుంటే ఆ కాస్త చప్పుడు కూడా చెవిన పడదు. ఊపిరి అందకపోతే నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. పాలవాడికి డబ్బులిచ్చి, చిల్లర కోసం వెతికి, రెండు మాటలాడి వచ్చేటంత సమయం అది.

‘వాడుకున్నాక బకెట్లో నీళ్లు పారబోయండి’ అన్న సలహా మీరు చదివే ఉంటారు. మంచి సలహానే, ఇరవై నాలుగ్గంటలూ కుళాయి పారే ఇంటికి. మా చెల్లెలి వీధికి రోజు విడిచి రోజు నీళ్లొస్తాయి. ‘‘పారబోస్తే రేపు పొద్దున ఏంచేస్తాం అక్కా?’’ అంది. ఆ మాట కొట్టిపారేసేది కాదు. మన ఇళ్లలో బకెట్లు నిండి ఉండేది అజాగ్రత్త వల్ల కాదు, అవసరం వల్ల. అలాంటప్పుడు నీళ్లు ఎక్కడ నిలవుంచాలి అన్నదే ఆలోచించాలి.

ఆ సాయంత్రం మేం చేసింది ఇది. ఉన్న ఆరు బకెట్ల నీళ్లూ ఒక్క డ్రమ్ములోకి మార్చాం. మర మూత తిప్పి బిగించేది, కింద కుళాయి ఉన్నది. అది పెరట్లో ఉండేది, దాన్ని కడిగి బాత్రూం పక్కన పెట్టించాం. కావలసినప్పుడు కుళాయి తిప్పి బకెట్లోకి పట్టుకోవడం, పని కాగానే బకెట్ బోర్లించడం. బోర్లించాలి అన్న ఒక్కమాట ఇంట్లో అందరికీ, పనమ్మాయితో సహా, పదిసార్లు చెప్పాను. ఖాళీ బకెట్ నిలబెట్టి వదిలేస్తే కారే కుళాయి దాన్ని నింపుతుంది. డ్రమ్ము పక్కన స్టూలు గానీ పీట గానీ ఉంచొద్దన్నాను. ఏడాది దాటాక వాటికి వేరే ఉపయోగం కనిపెడతారు.

మా మరిది బకెట్ మీద స్టీలు పళ్లెం మూత పెట్టి ‘‘ఇది చాలదా వదినా?’’ అన్నాడు. చాలదు. బిగుసుకోని మూత పిల్లాడి చెయ్యి తగిలితే జారుతుంది, ఒక పక్క లేచి వాడితోపాటే లోపలికి పోతుంది. పైగా మూత ఉందన్న ధీమాతో మనం చూడటం మానేస్తాం.

రెండో పని బాత్రూం తలుపుది. లోపలి గడియ అందరి ఇళ్లలోనూ ఉంటుంది. బయట, అయిదడుగుల ఎత్తున మరో గడియ వేయించాం. తడికి చెక్క ఉబ్బి తలుపు సరిగ్గా పడటం లేదు కాబట్టి కింద అంచు చిత్రిక పట్టించాల్సి వచ్చింది. పూర్తిగా పడని తలుపుకు గడియ వేయడానికి ఎవరికీ ఓపిక ఉండదు. నేను చూసినంతలో బయటి గడియ ఉన్న ఇళ్లలో కూడా సగం మంది వేయరు. ఎవరో లోపలికి వెళ్లి వచ్చి ‘ఇప్పుడే మళ్లీ వెళ్తాగా’ అని వదిలేస్తారు. అందుకే బోర్లించడం, గడియ వేయడం రెండూ కావాలి. ఒకటి మర్చిపోయినా రెండోది కాపాడుతుంది.

బాత్రూం ఒక్కటే కాదు. ఇల్లు తుడిచే బకెట్ గదిలోనే ఉంచి ఫోనెత్తడం, బట్టలు నానబెట్టిన టబ్బు, ఏసీ నీళ్లు పట్టే డబ్బా, తులసికోట దగ్గర తొట్టి, ఇవన్నీ లెక్కే. సంపు మూత మరీ ముఖ్యం. రేకు మూత తుప్పుపట్టి ఒక మూల లేచి ఉంటే పెద్దవాళ్లు దాన్ని దాటి నడుస్తారు, పిల్లాడు దాని మీదుగా పాకుతాడు. దానికి తాళం వేయించండి.

చలికాలంలో ఇంకో అలవాటుంది: బకెట్లో హీటర్ రాడ్ వేసి వెళ్లిపోవడం. మా చెల్లెలింట్లో రాడ్ వైరు కింద వేలాడుతూ, పిల్లాడి చేతికి అందేటంత ఎత్తులో ఉంది. లాగితే బకెట్ కదలకపోయినా రాడ్ బయటికొస్తుంది. బకెట్ కదిలితే మరిగే నీళ్లు మీద పడతాయి. రాడ్ లోపల దెబ్బతిని ఉంటే నీళ్లలోకే కరెంటు వస్తుంది. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో రాడ్ వాడకుండా ఉండటమే మేలు. తప్పదంటే తలుపు మూసిన బాత్రూంలో, పెద్దవాళ్లు అక్కడే నిలబడి కాచుకోవాలి.

ఇంత చేశాక కూడా ఒకవేళ జరిగితే ఏం చేయాలో తెలిసి ఉండాలి. ఆ క్షణంలో పుస్తకం తెరవలేం. బిడ్డను బయటికి తీసి తలకిందులుగా వేలాడదీయొద్దు, పొట్ట నొక్కొద్దు. నీళ్లు కక్కించాలన్న తాపత్రయంలో పోయే నిమిషమే ఊపిరికి కావలసిన నిమిషం. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఎవరైనా ఉంటే 108కి ఫోన్ చేయమనండి. ఒక్కరే ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టండి. శ్వాస లేకపోతే బిడ్డ ముక్కునూ నోటినీ కలిపి మీ నోటితో మూసి, ఛాతీ కాస్త లేచేటంత మాత్రమే రెండుసార్లు ఊదండి. తర్వాత రొమ్ము ఎముక కింది సగం మీద, రెండు చేతులతో ఛాతీని చుట్టిపట్టుకుని రెండు బొటనవేళ్లతో, సుమారు 4 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి వందకు పైగా వచ్చే వేగంతో 30 సార్లు నొక్కాలి. మళ్లీ రెండు ఊపిరులు. సాయం వచ్చేదాకా ఇదే. బిడ్డ తేరుకుని ఏడ్చినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నీళ్ల ప్రభావం కొన్ని గంటల తర్వాత బయటపడొచ్చు.

ఇక మిగతా ఇల్లు. మోకాళ్ల మీద కూర్చుని హాలంతా తిరిగాను. నన్ను చూసి పిల్లాడు నవ్వాడు, మా మరిది కూడా. ఆ ఎత్తు నుంచి చూస్తే సోఫా వెనక ఎక్స్‌టెన్షన్ బాక్సు కనబడింది. నిలబడినవాళ్లకు అది ఎప్పుడూ కనబడదు. మన ఇళ్లలో స్విచ్ బోర్డులు చాలావరకు నాలుగడుగుల ఎత్తున ఉంటాయి, అది అదృష్టం. టీవీ వెనక, ఫ్రిజ్ పక్కన, ఇన్వర్టర్ దగ్గర, మంచం పక్కన మాత్రం అడుగు ఎత్తులోనే పెడతాం.

సాకెట్ రంధ్రంలోకి తొంగి చూడండి. లోపల చిన్న ప్లాస్టిక్ తలుపులు మూసి ఉంటే అది షట్టర్ ఉన్నది. ప్లగ్గులో పైనున్న ఎర్త్ పిన్ను మిగతావాటికన్నా పొడుగ్గా ఉండేది ఊరికే కాదు. అది ముందుగా లోపలికి వెళ్లి ఆ తలుపులను తెరుస్తుంది. ఒక్క రంధ్రంలో పిన్నీసో హెయిర్‌పిన్నో దూర్చితే తెరుచుకోదు. లోపల ఇత్తడి మెరుస్తూ కనబడితే అది పాతది, మార్పించేయండి. ప్లాస్టిక్ మూతలు పెట్టినా పర్వాలేదు గానీ, చేత్తో లాగితే ఊడివచ్చే చిన్నవైతే అవే పిల్లాడి గొంతులో అడ్డం పడతాయి. పైగా వాటి పొడుగు పిన్ను షట్టర్‌ని తెరిచే ఉంచుతుంది. మంచి షట్టర్ ఉన్నచోట మూత అక్కర్లేదు.

‘స్విచ్ ఆపేస్తున్నాంగా’ అంటారు. చాలా పాత ఇళ్లలో వైరింగ్ చేసినవాడు స్విచ్‌కి ఫేజ్ బదులు న్యూట్రల్ ఇస్తాడు. అప్పుడు స్విచ్ ఆపినా సాకెట్లో కరెంటు ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, స్విచ్ ఆపిన సాకెట్లలో టెస్టర్ పెట్టించండి. వెలిగితే సరిచేయించండి. అతను వచ్చినప్పుడే బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో అడగండి. ఎంసీబీ కాపాడేది వైర్లను. ఒంట్లోంచి నేలకు కరెంటు పోతుంటే పసిగట్టి కట్ చేసేది ఆర్‌సీసీబీ. అది కూడా ఒక చెయ్యి ఫేజ్ మీద, రెండో చెయ్యి న్యూట్రల్ మీద పడితే గుర్తించలేదు. కాబట్టి అది ఉందని ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద వదిలేయకూడదు. మేం దాన్ని టేబుల్ కింది భాగానికి స్క్రూలతో బిగించేశాం. ఫోన్ తీసేసుకుని ఛార్జర్ వైరు వేలాడదీసి వెళ్లే అలవాటు మాత్రం మా చెల్లెలి అల్లుడికి ఇంకా పోలేదు. ఆ కొస పిల్లాడి నోట్లోకే వెళ్తుంది.

పడిపోయే సామాన్ల విషయంలో భయం వేరే చోట ఉంటుంది, ప్రమాదం వేరే చోట ఉంటుంది. అందరూ ఇనప బీరువా వైపు చూస్తారు. ఎనిమిదిన్నర కిలోల పిల్లాడు నిండు బీరువాను కదపలేడు. వాణ్ని దెబ్బతీసేవి తేలికగా, పొడుగ్గా ఉన్నవి: ప్లాస్టిక్ సొరుగుల స్టాండు, చెప్పుల ర్యాకు, స్టాండు ఫ్యాను, సన్నటి బల్ల మీద నిలబెట్టిన టీవీ. సొరుగులున్నదైతే ఇంకో మెలిక ఉంది. మూసి ఉన్నప్పుడు చక్కగా నిలబడిన బల్ల, రెండు మూడు సొరుగులు తెరిస్తే బరువంతా ముందుకొచ్చి ముందు కాళ్ల మీద మొగ్గుతుంది. దానికి తోడు తెరిచిన సొరుగు పిల్లాడికి మెట్టు అవుతుంది. 2016లో అమెరికాలో ఐకియా కంపెనీ పిల్లల మరణాల తర్వాత దాదాపు 2.9 కోట్ల సొరుగుల బల్లలను వెనక్కి పిలవాల్సి వచ్చింది ఇందుకే. గోడకు బిగించకపోతే అవి ముందుకు పడుతున్నాయి.

మీ ఇంట్లో పరీక్ష సులువు. పిల్లాణ్ని దూరంగా ఎవరికైనా ఇచ్చి, సొరుగులన్నీ తెరిచి, పై సొరుగు అంచు మీద అరచేత్తో నెమ్మదిగా నొక్కండి. వెనక కాళ్లు నేల వదిలితే అది గోడకు బిగించాల్సినదే. ఎల్ ఆకారం ఇనప పట్టీలు రెండు చాలు. పట్టీని వెనకున్న పలచటి ప్లైవుడ్‌కి కొడితే ఊడివస్తుంది. పక్క చెక్కకో పై చట్రానికో కొట్టాలి. గోడ వైపు స్క్రూ పైపూత దాటి ఇటుక దాకా దిగాలి, ప్లాస్టిక్ ప్లగ్ వేసి బిగించాలి. ఇద్దెవాళ్లు ‘ఓనరు మేకు కొట్టనివ్వడు’ అంటే, అలాంటి సామాను ఏడాదిపాటు తాళం వేసే గదిలో పెట్టుకోవడం తప్ప నాకు వేరే దారి తెలియదు. టీవీ మీద రిమోట్లు, బొమ్మలు పెట్టకండి. పైన ఏదో ఉందనే వాడు ఎక్కుతాడు.

మెట్ల దగ్గర మాత్రం వాడి తెలివి మనకి మోసం చేస్తుంది. పాకే పిల్లలు ఎక్కడం తొందరగా నేర్చుకుంటారు, దిగడం రాదు. నాలుగు మెట్లెక్కి వెనక్కి తిరిగి తల ముందుకు పెడతారు. కింద ఒక గేటు, పైన ఒక గేటు కావాలి. ఆన్‌లైన్‌లో దొరికే, గోడల మధ్య మర తిప్పి నొక్కి నిలబెట్టే గేటు కింది మెట్టు దగ్గరైతే చాలు. పై మెట్టు దగ్గర అది పనికిరాదు, పిల్లాడు ఊపితే జారి వాడితోపాటే దొర్లుతుంది. పైన స్క్రూలతో గోడకు బిగించినదే ఉండాలి, వరండా వైపే తెరుచుకోవాలి, మెట్ల వైపు తెరుచుకోకూడదు. మా వాళ్లు వెల్డింగ్ షాపులో చేయించారు. రెండున్నర అడుగుల ఎత్తు, నిలువు ఊచలు, వాటి మధ్య రెండున్నర అంగుళాలు. షాపతను అందంగా ఉంటుందని అడ్డ ఊచలు వేస్తానన్నాడు. అడ్డ ఊచలంటే నిచ్చెనే.

అదే తప్పు ఇప్పుడు కడుతున్న చాలా ఇళ్లలో రెయిలింగుకే చేస్తున్నారు. మెరిసే స్టీలు పైపులు అడ్డంగా నాలుగు వరసలు. ఎక్కడానికి వీలు, మధ్యలోంచి దూరడానికీ వీలు. సందు 4 అంగుళాలు దాటితే పిల్లాడి ఒళ్లు పట్టొచ్చు, కాళ్లు ముందుగా దూరితే తల దగ్గర ఇరుక్కుంటుంది. రెయిలింగు మార్చక్కర్లేదు. లోపలి వైపు గట్టి వల గానీ, అక్రిలిక్ షీటు గానీ పైదాకా బిగించి కట్టించండి.

వాకర్ గురించి ఒక్కమాట. మా మరిది చెల్లెలు బహుమతిగా తెచ్చింది, అటక మీద పెట్టించాను, ఆమెకు కోపం వచ్చింది. కెనడా 2004లోనే వాటి అమ్మకం నిషేధించింది. చక్రాల మీద పిల్లాడు మెట్ల దాకా మనం లేచేలోపే చేరతాడు, బల్ల మీద వేడి గిన్నె కూడా వాడికి అందుతుంది.

నేను తిరిగి వచ్చాక మూడు వారాలకు ఫోనొచ్చింది. పిల్లాడు డ్రమ్ము పట్టుకుని లేచి నిలబడ్డాడట, మొదటిసారి. పక్కన బకెట్ బోర్లించే ఉందట.

పండక్కి మీ ఇంటికి పాకే బిడ్డ వస్తుంటే, పిండివంటల కన్నా ముందు బాత్రూం తలుపుకు బయట, పైన గడియ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే హార్డ్‌వేర్ షాపులో అడగండి. బిగించడానికి నాలుగు స్క్రూలు, పావుగంట చాలు.